డాక్టర్ సలహా: నీళ్ల లెక్క తర్వాత, ముందు నాన్నగారి మాత్రలు చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 66 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు చిన్న బట్టల షాపు ఉంది, రోజంతా అక్కడే కూర్చుంటారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ మాత్ర నెల రోజులుగా రోజూ వేసుకుంటున్నారు. ఎండలు ముదిరాక నీరసంగా ఉందని, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని అంటున్నారు. ఆయన రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు తాగాలి? షుగర్ ఉంది కదా, ఓఆర్‌ఎస్ తాగవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, నీళ్ల లెక్క కూడా చెబుతాను. కానీ ముందు ఆ ఎసిక్లోఫెనాక్ మాత్రను ఈ రోజు నుంచే ఆపించండి. మీ ఉత్తరంలో నన్ను ఆందోళన పెట్టింది అదే. టెన్షన్ పడాల్సిన పని లేదు, సకాలంలో చూసుకుంటే చాలావరకు సర్దుకునే విషయమే. అయితే ఆయన్ని నేను పరీక్ష చేయలేదు కాబట్టి ఇక్కడ రాసినదాన్ని మీ ఫిజీషియన్‌కు చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి.

ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న చిన్న జల్లెడలు ఉంటాయి. ఒక్కో జల్లెడకు రక్తం ఒక సన్నని నాళం ద్వారా లోపలికి వస్తుంది, ఇంకో నాళం ద్వారా బయటికి పోతుంది. వడపోత జరగాలంటే ఈ రెండింటి మధ్య కొంత ఒత్తిడి నిలబడాలి. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు ఆ ఒత్తిడి పడిపోకుండా కిడ్నీ రెండు పనులు చేస్తుంది. లోపలికి వచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుంటుంది, బయటికి పోయే నాళాన్ని కాస్త బిగిస్తుంది. ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మొదటి పనిని అడ్డుకుంటాయి. టెల్మిసార్టన్ రెండో పనిని అడ్డుకుంటుంది. ఇక హైడ్రోక్లోరోథయాజైడ్ అనేది నీటి మాత్ర. ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలోకి పంపేస్తుంది. అంటే ఎండ వల్ల నీరు తగ్గిన మనిషిలో కిడ్నీ తనను తాను కాపాడుకునే దారులు రెండూ ఒకేసారి మూసుకుపోతాయి. కిడ్నీ ఉన్నట్టుండి మందగించడానికి ఇది మాకు బాగా తెలిసిన కారణం. ముఖ్యంగా 60 దాటినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో.

టెల్మిసార్టన్ చెడ్డ మందని దీనర్థం కాదు. మామూలు రోజుల్లో షుగర్ ఉన్నవారి కిడ్నీకి అది మేలే చేస్తుంది. ఇది చదివి బీపీ మాత్రను మీరే ఆపేయకండి, అది వేరే ప్రమాదం. ఆపాల్సింది నొప్పి మాత్ర ఒక్కటే. దయచేసి ఇంకోసారి ఇలా చేయకండమ్మా. మెడికల్ షాపు అబ్బాయికి మీ నాన్నగారి బీపీ మందు ఏమిటో తెలియదు, అడిగి ఉండడు కూడా. రెండు రోజులకు వాడే మందును నెల రోజులు వాడారు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, నిమెసులైడ్ అనే పేర్లలో ఏది కనిపించినా ఇదే జాతి మందు. పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా అమ్ముతారు కాబట్టి పైన రాసిన బ్రాండ్ పేరు చూసి మోసపోవద్దు. మోకాళ్లకు వేడి కాపడం, డాక్టర్‌ను అడిగి పైపూత జెల్, అవసరమైతే ఆయన చెప్పిన మోతాదులో ఒట్టి పారాసిటమాల్ సరిపోవచ్చు.

ఇక కళ్లు తిరగడం. ఇంట్లో డిజిటల్ బీపీ మెషీన్ ఉంటే పొద్దున ఆయన్ని 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. పడిపోకుండా పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పడుకున్నప్పుడు 130 ఉన్న పై అంకె నిలబడ్డాక 108 అయిందనుకోండి, అది 22 తగ్గినట్టు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి ఉండవచ్చు, లేదా వేసవికి ఆయన మందు మోతాదు ఎక్కువై ఉండవచ్చు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా ఇలా జరుగుతుంది. కాబట్టి ఆ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టర్‌కు చూపించండి. ఎండాకాలంలో రక్తనాళాలు వదులై బీపీ కొంత తగ్గడం మామూలే. చలికాలంలో సరిపోయిన మోతాదును మేం ఏప్రిల్, మే నెలల్లో తగ్గించడం కూడా మామూలే. నిలబడితే పై అంకె 100 లోపుకు పడిపోయినా, ఆయన తూలిపడినా మర్నాటి మాత్ర వేసే ముందే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

రేపో ఎల్లుండో కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగర్, మూత్ర పరీక్ష చేయించండి. ఏ ల్యాబ్‌లోనైనా జరిగే పరీక్షలే ఇవి. రిపోర్టు రాగానే పక్కనున్న నార్మల్ అంకెలతో పోల్చుకుని ఊరుకోకండి, ఆయన పాత రిపోర్టు వెతకండి. పోయిన ఏడాది క్రియాటినిన్ 0.8 ఉండి ఇప్పుడు 1.2 వచ్చిందనుకోండి. కాగితం మీద అది నార్మల్‌లోనే కనిపించవచ్చు. కానీ ఆయన విషయంలో ఒకటిన్నర రెట్లు పెరిగినట్టు, పట్టించుకోవాల్సిందే. ఈ దశలో దొరికితే నొప్పి మాత్ర ఆపి, తగినన్ని ద్రవాలు ఇస్తే సాధారణంగా కొన్ని రోజుల్లో, ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ దిగివస్తుంది. కిడ్నీ పనితీరు బాగా తగ్గి ఉంటే మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. అది డాక్టర్ చూసుకుంటారు.

నీళ్ల విషయానికి వద్దాం. అందరికీ ఇన్ని లీటర్లని ఒకే లెక్క లేదు. గుండె బలహీనత లేదు, కాళ్ల వాపు లేదు, కిడ్నీ జబ్బుతో నీళ్లు తగ్గించమని ఎవరూ చెప్పలేదు అనుకుంటే, ఫ్యాను కింద కూర్చునే మనిషికి రోజుకు రెండు లీటర్ల నుంచి రెండున్నర లీటర్లు సరిపోతాయి. ఎండలో తిరిగిన రోజు ఇంకో అర లీటరో, లీటరో అదనం. వయసుతోపాటు దాహం తెలియడం తగ్గుతుంది, అందుకే దాహం వేసేదాకా ఆగకూడదు. లేవగానే ఒక గ్లాసు, టిఫిన్‌తో ఒక గ్లాసు. షాపులో లీటరు బాటిల్ ఆయన చేతికందేలా పెట్టండి, మధ్యాహ్నం భోజనానికి ముందే అది అయిపోవాలి. భోజనంలో ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. సాయంత్రం లోపు ఇంకో అర లీటరు. రాత్రి మాటిమాటికీ లేవకుండా పడుకునే ముందు తగ్గించవచ్చు. టీ తాగితే తాగనివ్వండి, రెండు కప్పుల వల్ల నీరు తగ్గిపోదు, చక్కెర మాత్రం వద్దు.

ఒక్క మాట ఆయన్ని మెల్లగా అడగండి, బాత్రూమ్ దూరమని నీళ్లు మానేస్తున్నారా అని. మార్కెట్ షాపుల్లో కూర్చునే పెద్దవాళ్లు చాలామంది చేసేది ఇదే, ఎవరికీ చెప్పరు. మూత్రం ధార సన్నగా రావడం, రాత్రిళ్లు ఎక్కువసార్లు లేవడం ఉంటే అది ప్రోస్టేట్ కావచ్చు. దానికి వైద్యం ఉంది, నీళ్లు మానేయడం వైద్యం కాదు.

తాగింది సరిపోతోందా అనేదానికి మూత్రం లేత పసుపు రంగులో ఉండాలని చెబుతుంటాం. మీ నాన్నగారికి ఈ గుర్తు పూర్తిగా పనికిరాదు. షుగర్ బాగా పెరిగి ఉంటే ఒంట్లో నీరు తగ్గినా మూత్రం పల్చగా, ఎక్కువగా వస్తుంది. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే ముదురు పసుపు వస్తుంది. అంతకంటే బరువు నమ్మదగ్గది. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు ఒకే మెషీన్ మీద చూడండి. రాత్రికి రాత్రే కిలో తగ్గితే అది కొవ్వు కాదు, దాదాపు లీటరు నీరు పోయినట్టు.

అలాగని భయపడి ఐదారు లీటర్లు తాగించకండి. నీటి మాత్ర వాడే పెద్దవాళ్లకు ఒట్టి నీళ్లు అతిగా పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. వికారం, తలనొప్పి, మాట తడబడటం, మత్తుగా ఉండటం దాని లక్షణాలు. వడదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు, అది మరీ ప్రమాదం.

ఓఆర్‌ఎస్ గురించి అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 2.7 గ్రాములు, సుమారు అర చెంచా. విరేచనాలు, వాంతులు, విపరీతమైన చెమట ఉన్న రోజు షుగర్ ఉన్నవాళ్లూ తాగవచ్చు, షుగర్ చెక్ చేసుకుంటూ. కానీ అది రోజూ తాగే పానీయం కాదు. అందులో ఉప్పు ఉంటుంది, ఆయనకు బీపీ. పొటాషియం కూడా ఉంటుంది, టెల్మిసార్టన్ పొటాషియాన్ని కాస్త పెంచే మందు. కొబ్బరినీళ్లకూ ఇదే మాట, రక్త పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆపండి.

పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. పెద్ద ప్యాకెట్ పొడిని ఒక్క గ్లాసులో కలిపి తాగడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. ఆ ఫార్ములాకు సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు.

వాంతులు, విరేచనాలు మొదలైనా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా రేపటిదాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ రోజుకు నీటి మందు కలిసిన ఆ బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆపాలేమో డాక్టర్‌ను అడగండి. ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడినా, పిలిస్తే పలకకపోయినా 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి ఫ్యాను పెట్టండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. వడదెబ్బ వేడికి పారాసిటమాల్ పనిచేయదు. మామూలుగా డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ అంకెల కాగితం, పాత క్రియాటినిన్ రిపోర్టుతో పాటు, ఆ ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్ సహా ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.