పేరుకే డైరెక్టర్‌గా ఉండమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా మేనమామ కొడుకు నర్సంపేట దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ కోసం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టిండు. షేర్లు అమ్మడానికి ఒక బుక్‌లెట్ వేయిస్తున్నడు. అందులో డైరెక్టర్‌గా నా పేరు, ఫోటో వేస్తా అంటున్నడు. నేను పైసా తీసుకోను, చెక్కుల మీద సంతకం పెట్టను. అయినా నాకేమన్నా ఇబ్బంది ఉంటదా?

జవాబు:

ఉంటుంది. ఆరున్నర లక్షలు కట్టాక నాకు తెలిసిన సంగతి ఇది.

నేను హనుమకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా రిటైర్ అయ్యాను. 2018లో నా పాత విద్యార్థి ఒకతను, అంతకు కొన్నేళ్ల ముందే తాను పెట్టిన ఇలాంటి కంపెనీ కోసం వచ్చి, "సార్, మీ పేరుంటే జనం నమ్ముతరు" అన్నాడు. ఒప్పుకున్నాను. బుక్‌లెట్ రెండో పేజీలో నా ఫోటో వేశారు. అయిదో పేజీలో రెండు వాక్యాలు ఉన్నాయి: "6 కోట్ల బ్యాంకు లోన్ మంజూరైంది", "కంపెనీ వరుసగా రెండేళ్లు లాభాల్లో ఉంది". అచ్చుకు ముందు డ్రాఫ్ట్ నాకు చూపించారు. లోన్ సంగతి అడిగితే "వచ్చే వారం అయిపోతది సార్" అన్నారు. నేను ఊరుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

బ్యాంకు ఇచ్చింది శాంక్షన్ లెటర్ కాదు. ప్రాజెక్టును పరిశీలిస్తామని, పొలం పత్రాలు, కంపెనీ పెట్టి నడిపించే ప్రమోటర్ల వాటా సొమ్ము చూపిస్తే ముందుకు వెళ్తామని రాసిన ఉత్తరం మాత్రమే. లాభం మాట అబద్ధం కాదు, కానీ ఆ లాభం కొంత స్థలం అమ్మితే వచ్చింది. వ్యాపారం మీద రెండేళ్లూ నష్టమే. అంటే ఒక వాక్యం అబద్ధం, రెండోది నిజంతో చేసిన మోసం. చట్టం దృష్టిలో రెండూ ఒకటే. కంపెనీల చట్టం 2013లోని 34, 35 సెక్షన్లు అబద్ధాన్నే కాదు, చెప్పాల్సింది చెప్పకుండా వదిలేసి తప్పుదోవ పట్టించడాన్ని కూడా పట్టుకుంటాయి. దీనికి మా వకీలు లండన్ కేసు ఒకటి చెప్పారు. రాయల్ మెయిల్ స్టీమ్ ప్యాకెట్ అనే ఓడల కంపెనీ 1928లో ఒక ప్రాస్పెక్టస్, అంటే జనం నుంచి డబ్బు సేకరించడానికి ఇచ్చే వివరాల పుస్తకం, వేసింది. ఏటేటా డివిడెండ్ ఇచ్చామని రాసింది. అది నిజమే, కానీ కంపెనీ ఏళ్ల తరబడి నష్టాల్లో ఉంటే ఆ డివిడెండ్‌ను యుద్ధకాలంలో దాచిన పాత నిధుల్లోంచి ఇచ్చారు. ఆ ముక్క రాయలేదు. 1931లో దాని ఛైర్మన్ లార్డ్ కిల్సాంట్‌కు ఏడాది జైలు శిక్ష పడింది.

ఇక మీ ప్రశ్న. సెక్షన్ 35 ప్రకారం, ఆ రాతలు నమ్మి షేర్లు తీసుకుని నష్టపోయిన వాళ్లకు కంపెనీతో పాటు కొందరు సొంతంగా పరిహారం కట్టాలి. ఆ కొందరిలో ప్రమోటర్లు, ప్రాస్పెక్టస్ బయటికి వచ్చిన రోజున డైరెక్టర్‌గా ఉన్నవాళ్లు, డైరెక్టర్‌గా తన పేరు వేయడానికి ఒప్పుకుని పేరు వేయించుకున్నవాళ్లు ఉన్నారు. జీతం తీసుకున్నారా, చెక్కు మీద సంతకం పెట్టారా అన్న ప్రశ్న అక్కడ రాదు. ప్రమోటర్ అంటే కూడా కాగితం మీద పేరున్నవాడే కాదు. ఎవరు చెప్పినట్టు బోర్డు నడుచుకుంటుందో ఆ మనిషి కూడా ప్రమోటరే.

"నాకు నిజంగా తెలియదు, నమ్మాను" అంటే సరిపోతుందని నేనూ అనుకున్నాను. నేరం కేసుకు సంబంధించిన సెక్షన్ 34లో ఆ దారి ఉంది: ఆ మాట నిజమని నమ్మడానికి తగిన కారణాలు ఉండేవని రుజువు చేస్తే బయటపడొచ్చు. పరిహారం గురించిన సెక్షన్ 35లో ఆ వాక్యం లేదు. 1956 నాటి పాత చట్టంలో ఉండేది, కొత్తదాంట్లో పెట్టలేదు. ఇప్పుడు డైరెక్టర్‌కు మిగిలినవి ఇరుకు దారులు. పుస్తకం బయటికి రాకముందే ఒప్పుకోలు వెనక్కి తీసుకుని, తన అనుమతి లేకుండా అది వచ్చిందని చూపాలి. లేదా తనకు తెలియకుండా వచ్చిందని తెలిసిన వెంటనే అందరికీ తెలిసేలా ప్రకటన ఇచ్చి ఉండాలి. నిపుణుడి రిపోర్టును యథాతథంగా వేసిన చోట కొంత రక్షణ ఉంది. డ్రాఫ్ట్ చూసి ఊరుకున్న నాకు ఇందులో ఏదీ వర్తించలేదు.

మా ప్రమోటర్ ఇంకో మాట అనేవాడు: "మనం 200 మంది లోపే కదా సార్, ఇది ప్రైవేట్ ప్లేస్‌మెంట్, ప్రాస్పెక్టస్ కాదు." సెక్షన్ 42 కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మంది పరిమితి ఉన్న మాట నిజమే. మేము షేర్లు ఇచ్చింది 84 మందికే. అయితే అదే సెక్షన్ ముందే ఎంచుకున్న మనుషులకు పేరుపేరునా ఆఫర్ ఇవ్వాలంటుంది, ప్రకటనలు వద్దంటుంది, నగదు వద్దంటుంది. మా వాళ్లు ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టి, గేటుకు ఫ్లెక్సీ కట్టి, వచ్చిన వాళ్లందరికీ బుక్‌లెట్ పంచి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. అలా ఎంచుకున్న వాళ్లను దాటి అందరికీ ఆఫర్ ఇస్తే చట్టం దాన్ని పబ్లిక్ ఆఫర్‌గానే లెక్కగడుతుంది. అసలు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ జనాన్ని పిలిచి షేర్లు అమ్మడానికే వీల్లేదు. మీ బావ బుక్‌లెట్ "వేయిస్తున్నాడు" అని చదవగానే నాకు టెన్షన్ పట్టుకున్నది ఇందుకే.

లోన్ రాలేదు, గోడలు సగంలో ఆగిపోయాయి. జనం ప్రమోటర్ ఇంటికి పోలేదు, మా ఇంటికొచ్చారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు రెండు లక్షలు పెట్టిన ఒక రైతు, ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టి దాచుకున్న బుక్‌లెట్ తీసి నా ఫోటో మీద వేలు పెట్టి, "నిన్ను జూసే ఇచ్చిన సారూ" అన్నాడు. వకీలు భాషలో చెప్పాలంటే ఆ రాతలు నమ్మి డబ్బు పెట్టాడనడానికి అదే సాక్ష్యం. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

11 మంది లీగల్ నోటీసులు పంపారు, కొందరు పోలీసులకు చీటింగ్ ఫిర్యాదు ఇచ్చారు. సెక్షన్ 34 కేసు అదే చట్టంలో మోసానికి శిక్ష చెప్పే సెక్షన్ 447తో ముడిపడి ఉంటుంది. మోసం రుజువైతే 6 నెలల నుంచి 10 ఏళ్ల దాకా జైలు, దానికి తోడు మోసం సొమ్ముకు తగ్గకుండా జరిమానా. ఆ కేసు మాత్రం నష్టపోయిన మనిషి నేరుగా స్పెషల్ కోర్టులో వేయలేడు. కేంద్రం అధికారమిచ్చిన అధికారో, కంపెనీ మోసాలను విచారించే కేంద్ర సంస్థ ఎస్ఎఫ్ఐఓనో వేయాలి. అందుకే జనం ముందు పోలీస్ స్టేషన్‌కు పోతారు. మా విషయంలో ప్రమోటర్ పొలం అమ్మి, మిగతాది మేము వేసుకుని, 2022లో రాజీ చేసుకున్నాం. నా వాటా ఆరున్నర లక్షలు, రిటైర్మెంట్ డబ్బులోంచి.

మీరు ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి మీ చేతిలో చాలా ఉంది. డ్రాఫ్ట్ తెప్పించుకోండి. అందులో ప్రతి అంకె ఎదురుగా దాని కాగితం పెట్టమనండి: లోన్ అంటే శాంక్షన్ లెటర్, స్థలం అంటే రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్, లాభం అంటే ఆడిట్ చేసిన లెక్కల్లో అది దేన్నుంచి వచ్చిందో చూపే పేజీ. కాగితం లేని వాక్యం తీసేయమని నోటితో కాదు, ఈమెయిల్‌లో రాయండి. తీయకపోతే నా పేరు, ఫోటో వేయొద్దని అదే ఈమెయిల్‌లో, అచ్చుకు వెళ్లకముందే చెప్పండి. ఈలోపు మీ పేరు ఎక్కించేశారేమో www.mca.gov.in లో కంపెనీ డైరెక్టర్ల వివరాలు చూసుకోండి. ఇప్పటికే ఎక్కించి ఉంటే రాజీనామా పంపి, రాజీనామా సంగతి డైరెక్టరే ప్రభుత్వానికి తెలిపే DIR-11 ఫారం కూడా మీ వైపు నుంచి వేయించండి. పుస్తకం బయటికి వచ్చాక రాజీనామా చేస్తే, డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో జరిగినదానికి బాధ్యత పోదు. నేనూ చేశాను, నోటీసు మాత్రం నా పేరు మీదే వచ్చింది.