అక్క పేపర్‌లో నా పేరు వద్దని చెప్పేదెలా?

“నేను ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. గైనకాలజీలో ఒక సీనియర్ ఉన్నారు, అక్కా అనే పిలుస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్వార్టర్స్ దొరికేదాకా వాళ్లింట్లోనే ఉన్నాను. గర్భిణుల్లో రక్తహీనత మీద ఆవిడ చేసిన స్టడీకి నిరుడు శాంపిల్ సైజ్ లెక్కకట్టి ఇచ్చాను. అరగంట పని. ఇప్పుడు పేపర్ రాశారు. నాలుగో ఆథర్‌గా నీ పేరు పెడుతున్నా, కాదనకు అంటున్నారు. నేను ఆ డేటా కూడా చూడలేదు. మావారేమో ‘వచ్చే పేపర్‌ని ఎవరైనా వద్దంటారా’ అంటున్నారు. వద్దంటే అక్క నొచ్చుకుంటారు. ఎలా చెప్పను?”

మీకు కలిగిన అనుమానం సరైనదే. వైద్య జర్నళ్లలో ఎక్కువ భాగం పాటించేది ఐసీఎంజేఈ అనే సంపాదకుల సంఘం పెట్టిన నియమాలు. ఆథర్ అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: స్టడీ ఆలోచనలోనో రూపకల్పనలోనో, లేదా డేటా సేకరణ, విశ్లేషణ, అన్వయాల్లోనో చెప్పుకోదగ్గ పాలు, పేపర్ రాయడం లేదా విషయపరంగా గట్టిగా సరిదిద్దడం, అచ్చుకు పంపే ప్రతికి ఆమోదం, పేపర్ మొత్తానికీ జవాబు చెప్పే బాధ్యత. ఒకటి ఉండి మూడు లేకపోతే ఆ మనిషి చోటు కృతజ్ఞతల్లో, ఆథర్ల వరుసలో కాదు.

మీ అరగంటని ఈ కొలతతో చూడండి. మీరు చేసింది బహుశా అందరికీ తెలిసిన 4pq/L² లెక్కే. p అంటే రక్తహీనత ఉన్నవాళ్ల శాతం, q అంటే మిగతావాళ్ల శాతం, L అంటే ఒప్పుకునే తేడా. రక్తహీనత 50 శాతం ఉంటుందనుకుని, 5 శాతం తేడా వరకు ఒప్పుకుంటే 4×50×50ని 25తో భాగిస్తే 400 మంది. ఆ రెండు అంకెలూ అక్కే చెప్పి ఉంటే, మీ డిపార్ట్‌మెంటులో ఇంకెవరిని అడిగినా అదే 400 వచ్చేది. అది సాయమే, రూపకల్పన మాత్రం కాదు. ఒకవేళ ఎవరిని చేర్చుకోవాలి, ఎక్కడెక్కడి నుంచి ఎలా ఎంపిక చేయాలి అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చి ఉంటే సంగతి వేరు. అప్పుడు మొదటి షరతు తీరినట్టే, మిగతా మూడూ తీర్చుకునే అవకాశం మీకు ఇవ్వాల్సిన బాధ్యత అక్కది. మీ ఉత్తరం చూస్తే అలా జరిగినట్టు లేదు.

పేరు పెట్టించుకుంటే వచ్చే చిక్కు సరిగ్గా ఆ 400 దగ్గరే ఉంది. ఆ లెక్క ఒక్కొక్కరినీ విడివిడిగా, యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పటిది. అక్క పది పల్లెలు ఎంచుకుని పల్లెకు నలభై మంది చొప్పున తీసుకున్నారనుకోండి. ఒకే ఊళ్లోని గర్భిణుల తిండి, వాళ్లకు ఐరన్ మాత్రలు అందే తీరు ఒకరికొకరికి దగ్గరగా ఉంటాయి. కాబట్టి ఆ నలభై మంది నలభై వేర్వేరు ఆధారాల కింద లెక్కకు రారు. ఇలా గుంపులుగా తీసుకున్నందుకు శాంపిల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1.5 అనుకుంటే కావలసింది 600 మంది. అది పట్టించుకోకుండా విశ్లేషిస్తే ఫలితం ఉన్నదానికంటే ఎక్కువ కచ్చితమైనదిగా కనబడుతుంది. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఆథర్లలో కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లు మీరొక్కరే అయితే అందరూ చూసేది మీవైపే. డేటా చూడని మీరు ఏం జవాబు చెబుతారు?

మీవారి మాటకు కూడా జవాబుంది. వైద్య విద్యను నియంత్రించే ఎన్‌ఎంసీ 2022లో ఇచ్చిన, 2025 దాకా అమల్లో ఉన్న అధ్యాపకుల అర్హతల నిబంధనల్లో ప్రమోషన్‌కు పేపర్ లెక్కలోకి రావాలంటే మొదటి ముగ్గురిలో ఉండాల్సి వచ్చేది, లేదా కరెస్పాండింగ్ ఆథర్ అయ్యుండాల్సి వచ్చేది. ఆ కొలతతో చూస్తే నాలుగో పేరుతో ఒరిగేదేమీ లేదు, బాధ్యత మాత్రం మొత్తం మీద పడుతుంది.

ఇక అక్కతో చెప్పడం. పేపర్ జర్నల్‌కి వెళ్లకముందే, అంటే ఈ ఒకటి రెండు రోజుల్లోనే చెప్పాలి. ముందు మెసేజ్ పెట్టకండి. రాతలో ‘వద్దు’ అనేది ఉన్నదానికంటే కటువుగా వినిపిస్తుంది, నలుగురికీ ఫార్వర్డ్ అవుతుంది. ఆవిడ ఓపీ ముగిశాక, పక్కన పీజీలు లేనప్పుడు వెళ్లి కూర్చోండి. ‘రూల్స్ ఒప్పుకోవు’ అని మొదలుపెట్టొద్దు. ఆవిడ తప్పు చేస్తున్నారని ఎత్తిచూపినట్టు ఉంటుంది. మీ వైపు నుంచి చెప్పండి:

“అక్కా, నన్ను గుర్తుపెట్టుకున్నారు, చాలా సంతోషం. కానీ నేను చేసింది శాంపిల్ సైజ్ ఒక్కటే. డేటా నేను చూడలేదు. రేపు రివ్యూయర్ ఏదైనా అడిగితే ఆథర్‌గా నేను జవాబు చెప్పలేను, మీకు మాట వస్తుంది. ఆథర్లలో నా పేరు వద్దు. కృతజ్ఞతల్లో ఒక్క వాక్యం రాయండి, అది నాకు చాలు.”

ఇక్కడ ఆగి, ఆవిడ మాట వినండి. వాళ్లింట్లో ఉన్న రోజుల ప్రస్తావన మీరు తేవద్దు. తెస్తే పేపర్‌కీ ఆ రుణానికీ మీరే ముడివేసినట్టవుతుంది. ఆ వెంటనే శాంపిల్ ఎలా తీసుకున్నారో అడగండి. పల్లెలవారీగా తీసుకుని ఉంటే, ఇప్పుడు కొత్తగా రెండు వందల మందిని తేలేరు కాబట్టి, ఆ పల్లెల గుంపులను లెక్కలోకి తీసుకునే పద్ధతిలో విశ్లేషణ మళ్లీ చేయించమనండి, పేపర్‌లో స్టడీ పరిమితులు చెప్పేచోట ఆ సంగతి రాయమనండి. పేరు వద్దన్నా పేపర్ బాగుండాలని కోరుకుంటున్నారని ఆవిడకు దీంతోనే అర్థమవుతుంది.

‘అయితే డ్రాఫ్ట్ ఒకసారి చదువు, అప్పుడు ఆథర్‌వే కదా’ అని ఆవిడ అనొచ్చు. చాలామంది అంటారు. చదివి గట్టిగా సరిదిద్దితే రెండో షరతు తీరుతుందేమోగానీ మొదటిది తీరదు. నిజంగా ఆథర్ కావాలని మీకూ ఉంటే దారి ఒకటే: అసలు డేటా ఫైల్ తీసుకుని శుభ్రం చేసి, విశ్లేషణ మీరే చేసి, పద్ధతులు, ఫలితాలు రాసి, చివరి ప్రతి మొత్తం చదివి ఒప్పుకోవడం. కొన్ని వారాల పని. అంత తీరిక ఉంటేనే ఒప్పుకోండి. మొహమాటంతో ‘చూస్తాలే అక్కా’ అనకండి, ఆవిడ దాన్ని సరే అన్నట్టే తీసుకుంటారు.

మాట్లాడిన రోజు సాయంత్రమే చిన్న మెయిల్ పెట్టండి: ‘అనుకున్నట్టే ఆథర్ల వరుసలో నా పేరు ఉండదు, శాంపిల్ సైజ్ లెక్కకు కృతజ్ఞతలు చెప్పడానికి నాకు సమ్మతమే.’ కృతజ్ఞతల్లో పేరు వేయడానికి చాలా జర్నళ్లు రాతపూర్వక అనుమతి అడుగుతాయి, ఈ మెయిల్ అందుకూ పనికొస్తుంది. ఆ వాక్యం అచ్చుకు ముందు మీకు చూపించమనండి. ‘గణాంక విశ్లేషణలో సాయపడిన’ అని రాస్తే ఒప్పుకోవద్దు. చేయని పని మళ్లీ మీ నెత్తికెత్తినట్టే. ‘శాంపిల్ సైజ్ లెక్కలో సలహా ఇచ్చిన’ అని ఉంటే చాలు.

ఈలోగా పేపర్ వెళ్లిపోయి, ‘మీరు సహ ఆథర్‌గా నమోదయ్యారు’ అని జర్నల్ నుంచి మీకు మెయిల్ వస్తే అందులోని నిర్ధారణ లింక్ నొక్కకండి. ముందు అక్కకు ఫోన్ చేయండి. పంపాక పేరు తీయాలంటే కారణం రాసి, తీసేస్తున్న మీతో సహా ఆథర్లందరూ ఒప్పుకున్నట్టు ఎడిటర్‌కి లేఖ పంపాలి. ఆ లేఖ ఆవిడ చేత రాయిస్తేనే ఆవిడకు గౌరవం. వారం దాటినా కదలకపోతే ఆవిడకు చెప్పి మీరే ఎడిటర్‌కి రాయండి. మీ పేరు తీసేయమని అడిగే హక్కు మీకుంది.