ఫొటో తీసిన పేజీ అనువాదంలో తేడాగా ఎందుకొస్తుంది?

పేజీ ఫొటో స్పష్టంగానే ఉంది, అయినా అనువాదం తప్పుతోంది, ఎందుకు?

వెలుగు అంతటా సమానంగా పడకపోవడం, ఫోన్ వాలుగా పట్టుకోవడం వల్ల అక్షరాలే తప్పుగా చదవబడతాయి. అనువాదం ఆ తర్వాతి సంగతి. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ముందు ఫొటోని నలుపు, తెలుపుగా విడగొడుతుంది, దాంతో మీ చేతి నీడ పడ్డచోట కాగితం కూడా నల్లబడి సన్నటి గీతలు అందులో కలిసిపోతాయి. వాలుగా తీస్తే దూరంగా ఉన్న వరుసలు కుంచించుకుపోతాయి. తెలుగులో ముందు పోయేది కింది ఒత్తే: 'గుడ్డి'లో డ వత్తు నీడలో కలిసిపోతే 'గుడి' మిగులుతుంది, అదీ సరైన మాటే కాబట్టి అనువాదంలో అంధుడి బదులు ఆలయం వచ్చినా ఎవరికీ అనుమానం రాదు.

ఫ్లాష్ వేస్తే సరిపోతుందనుకుంటారు గానీ, నున్నటి కాగితం మీద అది తెల్లటి మరక చేసి అక్షరాలనే తినేస్తుంది. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పేజీ పరిచి, ఫోన్‌ని దానికి సమాంతరంగా పట్టుకోండి.