వాలీబాల్‌లో సర్వీస్‌కు ముందే సెట్టర్ నెట్ దగ్గరకు వెళ్తే పొజిషన్ ఫాల్ట్ ఎందుకు?
తిరుపతిలో మా స్కూల్ జట్టులో కొత్తగా చేరాను. వెనుక వరుసలోని సెట్టర్ ఒక్క అడుగు ముందుకేసినా రిఫరీ విజిల్ వేశారు, ఎందుకు?

ఎదుటి జట్టు సర్వర్ బంతిని కొట్టే క్షణంలో వెనుక వరుస ఆటగాడి రెండు పాదాలూ తనకు సరిగ్గా ముందున్న ఆటగాడి ముందు పాదాన్ని పూర్తిగా దాటి నెట్ వైపు ఉండకూడదు కాబట్టి. సర్వీస్ తిరిగి గెలుచుకున్న ప్రతిసారీ జట్టు గడియారం ముల్లు తిరిగే దిశలో ఒక్కో స్థానం జరుగుతుంది. ఆ వరుస చెదరనివ్వకుండా, మంచి స్మాషర్లు ఎప్పుడూ నెట్ దగ్గరే పాతుకుపోకుండా చూడడానికే ఈ నియమం ఉంది.

మీ సెట్టర్ 1వ స్థానంలో, అంటే కుడి వెనుక మూలలో ఉన్నాడనుకోండి. అతడు 2వ స్థానం వాడి వెనుక, 6వ స్థానం వాడికి కుడివైపున ఉంటే చాలు. అందుకే 2వ స్థానం వాడు నెట్‌కు చేరువగా నిలబడితే, సెట్టర్ అతడి వీపు వెనుకే, ముగ్గు గీత పక్కన కాచుకుని, బంతిపై చెయ్యి తగిలిన చప్పుడు వినగానే పరుగెత్తవచ్చు. చప్పుడుకు ముందే 2వ వాడి పాదాలను దాటితే పాయింటు, సర్వీసు రెండూ ఎదుటి జట్టువే. చూసేది నేలపై ఆనిన పాదాన్నే కానీ, ముందుకు వంగిన తలనో చాచిన చేతినో కాదు.

ముందు వరుసలోని ముగ్గురికీ వెనుకే ఉండాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. 1వ స్థానం వాడు 3, 4 స్థానాల వారికంటే ముందున్నా తప్పు కాదు, ఎందుకంటే అతడిని పోల్చేది పక్కనున్న 2, 6 స్థానాలతోనే.