బ్రేకౌట్ క్యాండిల్‌లో ఎంటరవ్వాలా, రీటెస్ట్ దాకా ఆగాలా?

ప్రశ్న: లెవెల్ బ్రేకవ్వగానే కొనడం కంటే రీటెస్ట్‌లో కొంటే రిస్క్ నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ తగ్గేది ఒక్కో షేర్ మీద రిస్కే, ట్రేడ్ ఫెయిలయ్యే ఛాన్స్ కాదు.

ఎందుకంటే స్టాప్‌లాస్ ఎలాగూ లెవెల్ కిందే పెడతాం, క్యాండిల్ వెనకాల పరిగెత్తి కొంటే ఎంట్రీ ఆ స్టాప్‌కి దూరమైపోతుంది, అదే ధర లెవెల్ దగ్గరికి తిరిగొచ్చినప్పుడు కొంటే స్టాప్ పక్కనే ఉంటుంది.

ఉదాహరణకి రెసిస్టెన్స్ 500, బ్రేకౌట్ క్యాండిల్ 512 దగ్గర క్లోజైంది, స్టాప్ 496, టార్గెట్ 530 అనుకోండి. 512లో కొంటే 16 పోగొట్టుకోడానికి రెడీ అయి 18 కోసం చూస్తున్నట్టు. రీటెస్ట్‌లో 502 దగ్గర దొరికితే 6 పెట్టి 28 కోసం. ట్రేడ్‌కి మొత్తం 600 మించి పోకూడదనుకుంటే మొదటి దాంట్లో 37 షేర్లు, రెండో దాంట్లో 100 వస్తాయి, స్టాప్ కొడితే మాత్రం రెండిట్లోనూ పోయేది దాదాపు అంతే (స్లిపేజ్ వేరే).

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే, రీటెస్ట్ అంటే సేఫ్ అనుకుని 502 దగ్గర లిమిట్ ఆర్డర్ పెట్టేసి వదిలేస్తారు. బాగా బలమున్న బ్రేకౌట్లు కొన్ని వెనక్కే రావు, అవి మిస్సవుతాయి, ఫెయిలై కిందకి పడేవి మాత్రం 502ని దాటుకునే పోతాయి కాబట్టి అవన్నీ మనకే ఫిల్ అవుతాయి. అందుకే ధర తాకగానే కాకుండా, క్యాండిల్ 500 పైన క్లోజయ్యాక కొనడం నయం, కాకపోతే ఎంట్రీ 504, 505 అవ్వొచ్చు. 500 కింద క్లోజైతే అది రీటెస్ట్ కాదు, చాలావరకు ఫెయిలైన బ్రేకౌటే.