49 దగ్గర స్పైక్ వస్తే దొంగ దొరికినట్టేనా?

ప్రశ్న: "మా కంపెనీ ఖర్చుల లెడ్జర్ మీద బెన్‌ఫోర్డ్ టెస్ట్ రన్ చేశాను. మొదటి రెండు అంకెలు 49 ఉన్న ఎంట్రీలు ఉండాల్సిన దానికంటే నాలుగు రెట్లు వచ్చాయి. ఎవరో దొంగ బిల్లులు పెడుతున్నారనే కదా అర్థం? మేనేజ్‌మెంట్‌కి రిపోర్ట్ ఇవ్వొచ్చా?"

ఇవ్వొద్దండీ, ముందు ఆ వోచర్లు తెరవండి. సరిగ్గా ఇదే 49, ఇంచుమించు ఇదే నాలుగు రెట్లు చూసి నేను తొందరపడ్డాను, దానివల్ల ఒక పెద్దాయన చాలా బాధపడ్డారు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను ఇంటర్నల్ ఆడిట్‌లో పనిచేస్తాను. కొన్నేళ్ల కిందట ఒక విత్తనాల కంపెనీ ఆడిట్ మా చేతికొచ్చింది. గుంటూరు, కర్నూలు, ఖమ్మం వైపు మొత్తం తొమ్మిది డిపోలు. ఏడాది ఖర్చుల లెడ్జర్ ట్యాలీ నుంచి ఎక్సెల్‌లోకి తీసుకుని, జర్నల్ ఎంట్రీలు, రివర్సల్ ఎంట్రీలు, పది రూపాయల లోపువి తీసేస్తే 4,200 వరసలు మిగిలాయి. టెస్ట్ చాలా సింపుల్, మీరూ ఇలాగే చేసి ఉంటారు. మామూలుగా పుట్టే మొత్తాల్లో చిన్న అంకెలతో మొదలయ్యేవి ఎక్కువ, పెద్ద అంకెలతో మొదలయ్యేవి తక్కువ ఉంటాయనేది బెన్‌ఫోర్డ్ లెక్క, దాని ప్రకారం ఎన్ని రావాలో, నిజంగా ఎన్ని వచ్చాయో పోల్చడమే. B2లో మొత్తం ఉంటే మొదటి రెండు అంకెలు ఇలా వస్తాయి, C2లో 49 పెడితే ఎన్ని రావాలో రెండో ఫార్ములా చెబుతుంది:

```
=VALUE(LEFT(INT(B2),2))
=LOG10(1+1/C2)*4200
```

49కి రావాల్సినవి 37. వచ్చినవి 161. చార్ట్‌లో చుట్టూ చిన్న చిన్న కడ్డీలు, మధ్యలో ఇది ఒక్కటే స్తంభంలా లేచి నిలబడింది. డిపో మేనేజర్లు హెడ్ ఆఫీసుని అడక్కుండా ఇవ్వగలిగిన నగదు పరిమితి 5,000. ఇంకేముంది, పరిమితికి కాస్త కింద ఎవరో వోచర్లు అల్లుతున్నారని నేను తీర్మానించేసుకున్నాను. అందులో ఎక్కువ భాగం ఒకే డిపో నుంచి వచ్చాయి, వాటి మీద ఒకే క్యాషియర్ సంతకం ఉంది. ఆ చార్ట్‌ని అలాగే ఫైనాన్స్ హెడ్‌కి మెయిల్ చేశాను. మర్నాడే ఆ క్యాషియర్ గారి చేతిలోంచి క్యాష్ బాక్స్ తాళాలు తీసేసుకున్నారు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే పనిచేసిన మనిషి. నేను డిపోకి వెళ్లేసరికి ఆయన వోచర్ కట్టలన్నీ నెలవారీగా టేబుల్ మీద పేర్చి కూర్చున్నారు. "మీరు చూడండి బాబూ, నేను పక్కన కూర్చుంటాను, ఏదీ ముట్టుకోను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

రెండు రోజులు కూర్చుని 161 వోచర్లూ చూశాను. ముందు కచ్చితమైన మొత్తం ప్రకారం సార్ట్ చేస్తే 74 వోచర్లు అచ్చంగా 490 రూపాయలు. హమాలీ కూలి. బస్తాకి 7 రూపాయలు, డిపో నుంచి డీలర్‌కి వెళ్లే బండికి 70 బస్తాలు. ఏడు డెబ్బైలు 490. అదే బండి, అదే లోడు, అదే రేటు ఏడాదంతా తిరిగితే అదే అంకె రాకుండా ఏం వస్తుంది? బెన్‌ఫోర్డ్ లెక్క నిలబడాలంటే రకరకాల ధరలు, రకరకాల పరిమాణాలు కలిసి చిన్నా పెద్దా అన్ని సైజుల మొత్తాలూ పుట్టాలి. రేటూ లోడూ రెండూ కదలకపోతే ఆ లెక్కకి అక్కడ పనే లేదు.

తర్వాత 4,900 నుంచి 4,999 దాకా ఉన్న 58 వోచర్లు. నాకు అనుమానం కలిగించినవి ఇవే. ఇందులో 36 లారీ కిరాయిలు, దాదాపు అన్నీ జూన్, జూలైలో. ఖరీఫ్ మొదలై డీలర్లు విత్తనాల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, 5,000 దాటిన దానికి హెడ్ ఆఫీసు అప్రూవల్ రావడానికి రెండు మూడు రోజులు పట్టేది. లారీవాడు ఆగడు కదా. కాబట్టి బేరం దగ్గరే "ఐదు వేల లోపు చెప్పు" అని తెగ్గొట్టేవాళ్లు. దానికి తోడు 5,000 దాటిన నగదు రసీదుకి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి, సీజన్‌లో ఆ స్టాంపులు వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? ప్రతి వోచర్ వెనకా లారీ నంబరు, డీలర్ సంతకంతో అందినట్టు చలానా ఉన్నాయి. సరుకు వెళ్లింది, డబ్బు లారీకే వెళ్లింది.

మిగతా 22 మాత్రం పదకొండు జతలు. ఒక రిపేరు బిల్లు 9,850 అయితే ఈరోజు 4,950, రేపు 4,900. ఇది తప్పే, నేను కాదనను. పరిమితిని తప్పించుకోవడానికి బిల్లు ముక్కలు చేయడం కంట్రోల్‌ని మోసగించడమే, రిపోర్ట్‌లో రాశాను. కానీ మెకానిక్ షాపు పుస్తకం తెప్పించి చూస్తే 9,850 నిజంగానే అందింది. రూల్ తప్పడం వేరు, డబ్బు తినడం వేరు. ఈ రెండింటినీ ఒకే ఎర్ర రంగులో చూపించే రిపోర్టులంటే నాకు ఒళ్లు మండుతుంది. పైవాళ్లకి ఎర్ర రంగు కనిపిస్తే చాలు, కింద రాసింది చదవరు.

74, 58 తీసేస్తే 161లో మిగిలింది 29. మామూలుగా రావాల్సినవి 37 అని పైన చెప్పాను కదా. అంటే స్తంభం మొత్తం కరిగిపోయింది, మిగిలింది మామూలు ఖర్చులే.

అదే చార్ట్‌లో 59 దగ్గర కూడా స్పైక్ ఉంది. 31 రావాల్సిన చోట 139. భయపడి చూస్తే, 500 రూపాయల ఇంటర్నెట్ ప్లాన్ మీద 18 శాతం జీఎస్టీ కలిపి 590, తొమ్మిది డిపోలు, పన్నెండు నెలలు, అంటే 108 వోచర్లు. గుండ్రటి ధర మీద 18 శాతం పడే చోటల్లా ఈ ఆకారం కనిపిస్తుంది. 1,000కి 1,180, 2,000కి 2,360. మన దేశపు లెడ్జర్లలో 11, 23, 59 లేచి ఉంటే ముందు జీఎస్టీని అనుమానించండి, మనుషుల్ని తర్వాత. అలాగే 98, 99 దగ్గర లేస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్ గుర్తుతెచ్చుకోండి. ఒక రోజులో ఒకరికి 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చుని మామూలుగా ఒప్పుకోరు కాబట్టి వ్యాపారులు 9,800, 9,900 దగ్గర ఆగుతారు. ఇంకోటి, మొదటి రెండు అంకెలంటే 10 నుంచి 99 దాకా తొంభై గడులు. 95 శాతం నమ్మకం గీత పెట్టుకుంటే లెడ్జర్ ఎంత శుభ్రంగా ఉన్నా ఊరికే నాలుగైదు గడులు ఆ గీత దాటతాయి. ఈ ముక్క చెప్పకుండా పది నిమిషాల వీడియోలో "దొంగల్ని పట్టే గణితం" అని నేర్పించేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. సైమన్ న్యూకోంబ్ 1881లో లాగరిథమ్ పుస్తకాల మొదటి పేజీలే ఎక్కువ నలిగి ఉన్నాయని గమనించాడు, ఫ్రాంక్ బెన్‌ఫోర్డ్ 1938లో ఇరవై వేలకు పైగా సంఖ్యలు పోగేసి చూపించాడు. ఇద్దరూ చెప్పింది సంఖ్యల స్వభావం గురించి. దొంగల గురించి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కంపెనీలో నిజంగానే డబ్బు పోయింది. కానీ ఈ టెస్ట్ కిక్కురుమనలేదు.

ఇంకో డిపోలో విత్తనాల కోల్డ్ రూమ్‌కి జనరేటర్ ఉంది. ఆ డిపో అంకెలు బెన్‌ఫోర్డ్ గీత మీద ఎంత చక్కగా కూర్చున్నాయంటే నేను అటు వెళ్లకూడదనే అనుకున్నాను. క్యాషియర్ గారి విషయంలో తిన్న దెబ్బ వల్లే వెళ్లాను. జనరేటర్ మీటర్ ప్రకారం ఏడాదిలో నడిచింది 610 గంటలు. గంటకి 12 లీటర్ల చొప్పున 7,320 లీటర్లు కావాలి. బిల్లులు మాత్రం 8,200 లీటర్లకి ఉన్నాయి. పోయించిన ప్రతిసారీ బంకులో పన్నెండు శాతం దాకా కలిపి చీటీ రాయించుకున్నారు. ఒకే నిష్పత్తిలో అన్ని మొత్తాలనీ పెంచితే బెన్‌ఫోర్డ్ ఆకారం మారదు. రూపాయల్లో ఉన్న లెడ్జర్‌ని డాలర్లలోకి మార్చినా ఆకారం మారదు కదా, ఇదీ అంతే. కొత్త అంకెలు ఊహించి రాసేవాడు ఈ టెస్ట్‌కి దొరకొచ్చు, నిజమైన అంకెని కొంచెం సాగదీసేవాడు మాత్రం దొరకడు. నా అనుభవంలో డిపోల్లో జరిగేది ఎక్కువగా ఈ రెండో రకమే.

మీ 49 విషయానికి వస్తే, ముందు ఆ వరసల్ని కచ్చితమైన మొత్తం ప్రకారం సార్ట్ చేయండి. ఒకే మొత్తం పదేపదే వస్తుంటే అది రేటో ప్లానో అద్దెనో, కాంట్రాక్టు కాగితం చూస్తే తేలిపోతుంది. మొత్తాలు వేరువేరుగా ఉండి అన్నీ ఒక పరిమితి కింద గుంపుగా ఉంటే, పార్టీ పేరు, తేదీ ప్రకారం సార్ట్ చేసి జతలు వెతకండి, ఆ పరిమితి ఎవరు పెట్టారో, దాటితే ఎన్ని రోజులు ఆగాలో అడగండి. నేను నిజంగా ఆగి చూసేది ఎక్కడంటే, 4,912, 4,937, 4,968 అని ఏ రెండూ కలవకుండా, ఒకే పార్టీకి, నంబరు లేని చేతి బిల్లు మీద, బండి నంబరు గానీ సరుకు అందిన చలానా గానీ లేకుండా, ట్యాలీ నెరేషన్‌లో "ఖర్చుల నిమిత్తం" అని మాత్రమే ఉన్న చోట. నెరేషన్ సరిగ్గా రాయించరు, తర్వాత గణితంతో దొంగల్ని పట్టమంటారు, ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

వోచర్లు చూడకుండా ఎవరి పేరూ ఆ చార్ట్ పక్కన రాయకండి. మా క్యాషియర్ గారికి తాళాలు పదకొండు రోజుల తర్వాత తిరిగి ఇచ్చారు. తప్పు నాదని రాతపూర్వకంగా ఇచ్చాను, ఆయన తీసుకుని వోచర్ ఫైల్‌లోనే పెట్టారు. ఆ మార్చిలో పని మానేశారు.