మెట్రో ఎస్కలేటర్ మీద పడ్డాక "కాలు జారింది" అని సంతకం పెట్టేస్తే

ప్రశ్న: సార్, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పది రోజుల కిందట హైదరాబాద్‌లో ఒక మెట్రో స్టేషన్‌లో సాయంత్రం రద్దీలో, పైకి వెళ్లే ఎస్కలేటర్ మీద మా అమ్మ (61) వెనక్కి పడిపోయింది, మణికట్టు విరిగింది. స్టాఫ్ ఆలస్యంగా వచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. దాన్ని ఫొటో తీశాను, "ప్రయాణికురాలు కాలు జారి పడ్డారు" అని ఉంది. కేసు నిలుస్తుందా? దానికోసం హైదరాబాద్ తిరగాలా?

జవాబు: తిరగక్కర్లేదండి, అది తర్వాత చెప్తాను. ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. నొప్పితో ఏడుస్తున్న మనిషి చేత పెట్టించిన సంతకానికి కోర్టులో పెద్ద విలువ ఉండదు, కానీ మీరు నెలల తరబడి ఊరుకుంటే మాత్రం "అప్పుడే ఒప్పుకున్నారు కదా" అని అవతలి వకీలు దాన్నే పట్టుకు వేలాడతాడు. అందుకే ఇవాళే ఒక ఉత్తరం రాయండి.

మీ చెల్లెలు తీసి నాకు పంపిన వీడియో చూశాను. రీల్స్ అంటే నాకు చిరాకే గానీ, ఈసారి ఆ రీలే మీకు సాక్ష్యం. అమ్మ కాలు జారలేదు. పైన టికెట్ గేట్ల దగ్గర లైను ఆగిపోయి, జనం ఎస్కలేటర్ చివర దువ్వెన పళ్లలా ఉండే ఇనుప ప్లేటు దాకా నిలబడిపోయారు. కింద నుంచి మెట్లు మనుషుల్ని తెస్తూనే ఉన్నాయి. దిగడానికి చోటు లేక ముందున్న సూట్‌కేసు మనిషి ఒక మెట్టు వెనక్కి వేశాడు, అమ్మ వెనక్కి పడింది. దగ్గర దగ్గర నలభై సెకన్ల తర్వాత ఎర్ర బటన్ నొక్కింది కూడా ఎవరో కాలేజీ కుర్రాడు. యూనిఫాం మనిషి ఆ వీడియోలో ఎక్కడా లేడు.

కేసంతా ఇక్కడే ఉంది. పడిపోవడం ఒక్కటే అయితే నష్టపరిహారం రాదు, సంస్థ చేయాల్సింది చేయలేదని చూపించాలి. సఖినేటిపల్లి రేవులో పంటు నిండితే ఇక ఎక్కనివ్వకుండా గట్టు మీదే ఆపేస్తారు కదా, ఇక్కడా అంతే, పైన చోటు లేనప్పుడు కింద జనాన్ని ఆపాలి, లేదా మెషిన్ ఆపాలి. ఉత్తరంలో "మీ నిర్లక్ష్యం" లాంటి పెద్ద మాటలు వద్దు, జరిగింది వరసగా రాయండి. ఇలా:

"ఫలానా తేదీ సాయంత్రం 6.40కి, రోడ్డు నుంచి గేట్లకు వెళ్లే ఎస్కలేటర్ పైచివర జనం నిలిచిపోయి దిగడానికి చోటు లేదు. కింద ఎవరినీ ఆపలేదు. అమ్మ పడ్డాక మెషిన్ ఆపింది తోటి ప్రయాణికుడు. స్టాఫ్ ఇన్ని నిమిషాలకు వచ్చారు. నొప్పిలో ఉండగా చదివి వినిపించకుండా సంతకం తీసుకున్నారు, అందులోని 'కాలు జారి' అన్న మాట నిజం కాదు. ఆ రోజు 6.15 నుంచి 7.15 దాకా ఆ ఎస్కలేటర్ పైన, కింద ఉన్న కెమెరాల ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచండి."

సమయాలు మీ టికెట్, వీడియో చూసి వేయండి, తెలియని చోట "సుమారు" అనండి. చివరి వాక్యం ముఖ్యం. సీసీటీవీ రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది, మీకు ఇప్పటికే పది రోజులు పోయాయి. కాపీ వాళ్లు ఇవ్వకపోవచ్చు, ఫర్వాలేదు, తర్వాత వినియోగదారుల కమిషనే తెప్పిస్తుంది. రాసి అడిగాక కూడా చెరిపేశారంటే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. ఈమెయిల్‌లో ఒకటి, స్పీడ్‌పోస్టులో ఒకటి పంపి రసీదు దాచండి.

ఆసుపత్రి కేసు షీటు కూడా ఒకసారి చూడండి. క్యాజువాలిటీలో హడావుడిగా "ఇంట్లో పడ్డారు" అని రాసేసిన కేసు నేను చూశాను, దాన్ని సరిచేయించడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక తిరుగుడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు, కాబట్టి మీ ప్రాంతానికి చెందిన జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలో చూసేది కట్టిన టికెట్ ధరను బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కాబట్టి మీకు ఫీజు కూడా ఉండదు. టికెట్ మీరు కొన్నా అమ్మ వినియోగదారే. గడువు 2 ఏళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

పోలీసు కేసు కావాలంటే రాజోలు స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, ఎముక విరగడం చట్టంలో తీవ్ర గాయమే. కాకపోతే ఫలానా మనిషి తప్పు అని తేల్చడం కష్టం, మీకు కావలసింది బిల్లుల డబ్బు, నొప్పికి పరిహారం కాబట్టి నేనైతే కమిషన్‌కే వెళ్తాను. అక్కడ వాళ్లు "రెయిలింగ్ పట్టుకోలేదు, చేతిలో సంచులున్నాయి" అంటారు. అమ్మ ఎడమచేతిలో కూరగాయల సంచి వీడియోలో కనిపిస్తోంది, కుడిచెయ్యి రెయిలింగ్ మీదే ఉంది. సంచి సంగతి మీరే ముందు చెప్పేయండి. పరిహారం కొంత తగ్గించినా, దాచి పట్టుబడితే జరిగే నష్టం ఇంకా ఎక్కువ.

అన్నట్టు, చెల్లెలు ఆ ఫోన్ అమ్మేయకూడదు, ఎక్స్ఛేంజీలోనూ ఇవ్వకూడదు. వాట్సాప్‌లో నాకు పంపింది కుదించిన కాపీ. అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉండాలి, దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ మీద ఆ అమ్మాయి, ఒక నిపుణుడు ఇద్దరూ సంతకం పెట్టాలి.